ఆరో పీపా

భీమిలి ఒడ్డున కుట్టు నావలు చేసేవాళ్ళలో గవర్రాజు ఆఖరివాడు. మేకు కొట్టకుండా, పలకలకి చిల్లులు పొడిచి కొబ్బరితాడుతో కుట్టి, సందుల్లో ఎండుగడ్డి దట్టించి సముద్రంలోకి తోసే నావలవి. పలకని ఎక్కడ తడపాలో, ఎక్కడ సెగ చూపిస్తే విరగకుండా వంగుతుందో అతని తండ్రి నేర్పాడు. తొంభై మూడు నాటికి ఒడ్డంతా ఫైబరు పడవలు వచ్చి చేరాయి. ఏడాదిలో ఒక్క నావ కుట్టమని అడిగినవాడు లేడు. అతని భార్య పోతమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతకి పోయేది. గవర్రాజు ఇంట్లో కూర్చుని ఉలులు నూరుకునేవాడు.

ఆ ఏడాదే కృష్ణంరాజుగారి మనిషి అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. తగరపువలస దాటాక హైవే పక్కన రాజుగారికి మందు ఫ్యాక్టరీ ఉంది. చెరకు మడ్డి నుంచి తీసే మొలాసిస్ స్పిరిట్‌లో రంగు, ఎసెన్సు కలిపి విస్కీ పేరుతో సీసాలు నింపే ఫ్యాక్టరీ. అది బాగానే నడుస్తోంది. కానీ రాజుగారికి పెద్దవాళ్ళ పక్కన కూర్చోవాలని ఉంది. మొలకెత్తించిన బార్లీతో అసలైన మాల్టు విస్కీ తీయిస్తానని రాగి బట్టీ పెట్టించి, అమెరికాలో ఒకసారి వాడి తీసేసిన ఓక్ చెక్క పీపాలు ఇరవైనాలుగు ఓడలో తెప్పించాడు. ఖాళీ పీపాలకి ఓడలో చోటు దండగని వాటిని విప్పి, పలకలు కట్టలు కట్టి పంపారు. తిరిగి బిగించడం ఇక్కడెవరికీ రాలేదు. ఆటోనగర్ నుంచి వచ్చిన మేస్త్రీలు ఇనప పట్టీలు వెల్డింగు చేసి నిలబెడితే, నీళ్ళు పోయగానే జల్లెడలా కారిపోయాయి.

గవర్రాజు కట్టల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పలకల్ని గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో చెక్క పేళ్ళతో చిన్న మంట పెట్టి, బయట తడిగోనెలు చుట్టి, మోకు వేసి లాగాడు. పట్టీలు ఒక్కొక్కటే దెబ్బ మీద దెబ్బ వేసి దింపాడు. మూత పలకల సందుల్లో చెరువు నుంచి కోసుకొచ్చిన జమ్ము ఆకు పెట్టాడు. మర్నాటికి చుక్క కారలేదు.

అక్కడే నిలబడి చూస్తున్న సన్నపాటి పెద్దమనిషి చుక్క చప్పుడు ఏమైనా వస్తుందేమోనని పీపాకి చెవి ఆనించి విన్నాడు. ఆయన గురునాథరావుగారు, ఫ్యాక్టరీ బ్లెండరు. ఏ స్పిరిట్ ఎంత కలపాలో ముక్కుతో తేల్చే మనిషి. అరవై దగ్గరపడ్డ వయసు. మైసూరు వైపు డిస్టిలరీల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, పెళ్ళి చేసుకోకుండా చెల్లెలు సూర్యకాంతమ్మతో సీతమ్మధారలో ఉంటున్నాడు. ముక్కు చెడుతుందని కాఫీ ముట్టడు, కిళ్ళీ వేయడు, తలకి వాసన నూనె రాయడు.

"ఇంకోటి బిగించే ముందు దీని లోపల తల పెట్టి వాసన చూడు. ఏం తెలుస్తోంది?" అన్నాడాయన.

గవర్రాజు నీళ్ళు పారబోసి, మూత తీసి తల దూర్చాడు. లోపలంతా మొసలి వీపులా పగుళ్ళు తేలిన నల్లటి బొగ్గు. "బెల్లం పాకం లాగుందండి. ఎండుకొబ్బరి కూడాను. మాడు వాసన కాదండి."

"మాడు వాసన ఎందుకు లేదు మరి? అంత కాల్చారు కదా."

"నాకేటి తెలుస్తాదండి."

"కాల్చినప్పుడు చెక్కలో ఉన్న తీపి పైకి తేలుతుంది. ఆ బొగ్గు స్పిరిట్‌లోని చెడ్డ వాసనని పీల్చుకుంటుంది. అంతే కానీ పొగ ఇవ్వదు. పొగ విస్కీ అంటే పీపా మాడిస్తే వస్తుందనుకుంటారు జనం. పాతిక సీసాలు తాగినవాళ్ళు కూడా అదే అనుకుంటారు."

మరి పొగ ఎక్కడి నుంచి వస్తుందో ఆరు నెలల తరువాత ఓడ మీద వచ్చిన ముప్ఫై బస్తాల బార్లీ చూపించింది. బస్తా విప్పగానే గవర్రాజుకి నావల అడుగుకి పూసే తారు మరిగించిన రోజులు, ఆసుపత్రి వరండాలు, ఎండుచేపలు కాల్చిన పొయ్యి ఒక్కసారే గుర్తుకొచ్చాయి. స్కాట్లండులో బురదనేలల్లో వేల ఏళ్ళు కుళ్ళి పేరుకున్న నాచునీ గడ్డినీ ఇటుకల్లా కోసి ఎండబెడతారని గురునాథరావుగారు చెప్పాడు. దాని పేరు పీట్. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ రాజేస్తే, తడిగా ఉన్న గింజ ఆ పొగని పట్టేసుకుంటుంది. ఎండిపోయిన గింజకి పట్టదు. ఆ తడి ఉన్న కాసేపట్లోనే అంతా అయిపోవాలి.

"బస్తా మీద ఒక అంకె వేస్తారు, పొగ ఎంతుందో చెప్పడానికి. ఆ అంకె గింజలోది. బట్టీ దాటేసరికి సగం పోతుంది. పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా పోతుంది. అందుకని అంకె చూసి సీసా కొనేవాడు మోసపోతాడు," అన్నాడాయన.

ఆ వానాకాలం బట్టీ దగ్గర ఆయనకి పక్కన నిలబడే మనిషిగా గవర్రాజు కుదిరాడు. మొదట వచ్చే ధార పళ్ళ వాసన వేసేది. పొగ ఆలస్యంగా, ధార చివరలో వచ్చేది. తొందరపడి ఆపేస్తే పీట్ కోసం పెట్టిన శ్రమంతా పక్కన పెట్టేసే చివరి ధారలోనే ఉండిపోతుంది. ఆశపడి సాగదీస్తే తడిసిన కుక్క వాసన, చెమట పట్టిన తోలు వాసన వచ్చి చేరతాయి. గురునాథరావుగారు చిన్న గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని చెయ్యెత్తితే గవర్రాజు కుళాయి తిప్పేవాడు. అంతవరకూ సారా గొంతులో మంట కోసం తాగినవాడు గవర్రాజు. గ్లాసులో నాలుగు చుక్కలు నీళ్ళు వేసి ఆగితే దాగి ఉన్న వాసన పైకి లేస్తుందని, మింగేశాక నోట్లో ఏం మిగిలిందో చూసుకోవాలని ఆయన దగ్గరే తెలుసుకున్నాడు.

"నీకు ముక్కుందోయ్," అన్నాడాయన ఒకరోజు. తండ్రి పోయాక గవర్రాజుని అలా మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

పొగ లేని స్పిరిట్ ఇరవైనాలుగు అమెరికా పీపాల్లోకి పోయింది. పొగ స్పిరిట్ కోసం ఆయన మైసూరు వైపు నుంచి ఆరు ముసలి పీపాలు తెప్పించాడు. వాటిలో అప్పటికే రెండు తడవలు మాల్టు పోసి తీశారు. చెక్కలో బలం అయిపోయింది. రాజుగారు వాటిని చూసి మొహం చిట్లించాడు.

"చచ్చిన చెక్క ఎందుకండీ? అందులోంచి రంగు కూడా దిగదు."

"అదే కావాలి రాజుగారూ. కొత్త చెక్క, కొత్తగా కాల్చిన చెక్క పెద్ద గొంతుతో మాట్లాడుతుంది. స్కాట్లండులో చలికి పన్నెండేళ్ళు పట్టే పని మన ఎండలో మూడేళ్ళలో అయిపోతుంది. పొగ తన మాట తాను చెప్పాలంటే పీపా నోరు మూసుకుని ఉండాలి."

"షెర్రీ వైను ఉంచిన పీపాల్లో పోస్తారటగా? నల్లగా వస్తుందట."

"వస్తుంది. ఎండుద్రాక్ష, లవంగం వస్తాయి. పొగతో కలిస్తే కొందరికి ఇష్టమే. కానీ మన ఎండకి చేదు కూడా అంతే దిగుతుంది. రంగు కావాలంటే మీ దగ్గర కారమెల్ పాకం ఉంది. వాసన కారమెల్‌తో రాదు."

రాజుగారు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం గవర్రాజుని గోదాము వెనక్కి పిలిచాడు.

"ఆ ముసలి పీపాలు లోపల చెక్కి, మళ్ళీ కాల్చగలవా?"

"సెయ్యొచ్చండి. పైపొర లేపీసి మంట ఎడితే కొత్తదాన్లా అయిపోద్ది. గానీ అయ్యగారు ఒద్దన్నారు కదండీ."

"ఆయన కుర్చీలో కూర్చుని చెప్తాడు. ఎండుగడ్డి రంగులో ఉన్న విస్కీ ఇక్కడెవడు కొంటాడో ఆయన చెప్పడు. నువ్వు పని చెయ్యి. ఆయనకి చెప్పక్కర్లేదు."

పని పోతుందన్న భయంతో గవర్రాజు సరేనన్నాడు. గురునాథరావుగారు చెల్లెలి వైద్యానికని వారం సెలవు మీద ఉన్నాడు. ఆ వారంలో అతను పీపాల మూతలు తీసి, వంపు బాడిసతో లోపలి పొర చెక్కాడు. రెండు తరాల మాల్టు తాగిన చెక్క కింద పసుపుపచ్చగా కొత్త చెక్క బయటపడింది. దాని మీద మంట పెట్టాడు. వరసగా అయిదు చేశాడు. ఆరోదాని మూత తీసి లోపలికి చూశాడు. బాడిస చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టి, మూత మళ్ళీ బిగించేశాడు. లోపల చూసి లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు.

సెలవు నుంచి వచ్చిన గురునాథరావుగారు అడిగాడు. "పీపాలు కడిగావా? లోపలి చెక్కని ఏమీ చెయ్యలేదు కదా?"

"నీళ్ళతో కడిగీసినానండి. అంతేనండి."

పొగ స్పిరిట్ ఆరింటిలోకీ పోసి బిరడాలు కొట్టారు. అది తొంభై నాలుగు నవంబరు.

రెండు నెలలకి మద్యనిషేధం వచ్చింది. సీసాలు నింపడం ఆగిపోయింది. లైసెన్సు సంగతి తేలేదాకా గోదాముకి సీలు వేశారు. రాజుగారు వేరే వ్యాపారంలో పడ్డాడు. గవర్రాజుని మాత్రం కాపలాకి ఉంచాడు. రేకుల కప్పు కింద ముప్ఫై పీపాలు రెండు వేసవులు ఉడికాయి. మధ్యాహ్నం గోడ పక్కన నిలబడితే తీపి, పొగ కలిసి ఇటుకల్లోంచి కారుతున్నట్టుండేది. ప్రతి ఏడూ పదో వంతు, ఆపైన గాలిలో కలిసిపోతుందని గవర్రాజుకి తెలుసు. ఆ వాసన పీలుస్తూ అతను లోపల చెక్క ఏం చేస్తోందో ఊహించుకునేవాడు.

"ఏటి మావా, అన్నం కెలుకుతావు, తినవు," అని పోతమ్మ అడిగేది.

"ఏటీ లేదు. ఎండ," అనేవాడు.

తొంభై ఏడు వేసవిలో నిషేధం ఎత్తేశాక సీలు తీశారు. గురునాథరావుగారు ఆ రెండేళ్ళలో మలేరియా పడి లేచాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. రాజుగారు పక్కన నిలబడ్డాడు. గురునాథరావుగారు ముందు అమెరికా పీపాలు చూసి తల ఊపాడు. చెక్క కొంచెం ఎక్కువైంది కానీ పనికొస్తాయన్నాడు. తరువాత ముసలి పీపాల దగ్గరకి వచ్చాడు.

మొదటిదాని నుంచి గొట్టంతో తీసి గ్లాసులో పోస్తే డికాక్షన్ రంగులో ఉంది. ఆయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఆ పాత పీపాయేనా?"

గవర్రాజు రాజుగారి వైపు చూశాడు. రాజుగారు కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు.

"అవునండి," అన్నాడు గవర్రాజు.

ఆయన వాసన చూశాడు. నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. నీళ్ళ చుక్కలు వేసి మళ్ళీ చూశాడు. రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది. అన్నీ ఒకటే. తుమ్మబెరడు నమిలినట్టు చేదు, నాలుక మీద గరుకు, దాని కింద ఎక్కడో నలిగిపోయిన పొగ. ఆరోది తీస్తే లేత గడ్డి రంగు. గోదామంతా ఒక్కసారి సముద్రపు ఒడ్డున తారు మరిగించినట్టయింది. దాని వెనక నిమ్మతొక్క, ఆ వెనక బార్లీ తీపి. గవర్రాజుకి పది అడుగుల దూరం నుంచే తెలిసింది.

గురునాథరావుగారు ఆ గ్లాసు దింపి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆరు పీపాలూ ఒక్క చోటివే. ఒక్క వయసువి. నేనే ఏరి తెచ్చాను. అయిదు ఒకలా, ఒకటి ఒకలా ఎలా వస్తాయి?" అన్నాడు నెమ్మదిగా. "పీపాలు ఏరేటప్పుడు నాకు చెక్క తెలియకపోయి అయినా ఉండాలి. లేదా ఇప్పుడు నా ముక్కు అబద్ధం చెబుతూ అయినా ఉండాలి. జ్వరం తరువాత ఇంట్లో కూర వాసన కూడా సరిగా తెలియడం లేదు."

ఒక్క మూత తీయిస్తే లోపల బాడిస గాట్లు కనిపించేవి. గవర్రాజు మాట మీద ఆయన తీయించలేదు.

"ఆ తెల్లటిదాన్ని విడిగా పెట్టమంటారా?" అని రాజుగారు అడిగాడు.

"నన్నడక్కండి. అయిదు తప్పినవాడి మాట ఆరోదాని విషయంలో మాత్రం ఎందుకు నమ్మాలి? అన్నీ కలిపేయండి."

కలిపేశారు. ఆరో పీపాలోని నూటయాభై లీటర్లు పెద్ద ట్యాంకులో, చేదు మాల్టులో, మొలాసిస్ స్పిరిట్‌లో కలిసి, చవక విస్కీ సీసాల్లోకి ఎక్కి ఊళ్ళ మీదకి పోయాయి. వాటిని తాగినవాళ్ళకి ఏమీ తెలియలేదు. నెలాఖరున గురునాథరావుగారు ఉద్యోగం మానేశాడు. వెళ్ళేటప్పుడు తన గ్లాసులు గవర్రాజుకి ఇవ్వబోతే అతను తీసుకోలేదు. "నాకెందుకండి," అని గేటు వరకూ సంచీ మోసి వెనక్కి వచ్చేశాడు.

రాజుగారికి మాల్టు మోజు తీరింది. పీపాలు మూల పడ్డాయి. రెండు వేల ఒకటిలో బీచ్ రోడ్డు మీద రిసార్టు కడుతున్నవాళ్ళు పూల కుండీలకి పీపాలు కావాలన్నారు. ముప్ఫైనీ అడ్డంగా రెండుగా కోసే పని గవర్రాజుకే పడింది. ముసలి పీపాలు ఆఖరున కోశాడు. అయిదింటి లోపల తన బాడిస గాట్లు, వాటి మీద బొగ్గు. ఆరోది కోస్తుంటే రంపపు పొట్టులోంచి పొగ వాసన వచ్చింది, నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నా. లోపల గాటు లేదు, నున్నగా, అరిగిపోయిన నలుపు.

అతను రంపం పక్కన పెట్టేశాడు. చెక్కిన పీపా నుంచి ఒక పలక ముక్క, చెక్కని దాని నుంచి ఒకటి గోనెలో చుట్టుకుని ఆ ఆదివారం సీతమ్మధార బస్సెక్కాడు.

సూర్యకాంతమ్మ తలుపు తీసింది. గురునాథరావుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మనిషి ఇంకా చిక్కిపోయాడు. పై పెదవి మీద గోధుమరంగు మరక ఉంది. పక్కన స్టూలు మీద ముక్కుపొడుం డబ్బా. జీవితంలో కాఫీ వాసనకి కూడా దూరంగా ఉన్న మనిషి చిటికెడు పొడుం తీసి ముక్కులో ఎక్కించుకుని, చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

"రా గవర్రాజూ. ఏమిటి విశేషం?"

గవర్రాజు కింద కూర్చుని పలకలు రెండూ బయటికి తీశాడు. "నాను మీకాడ అబద్ధం సెప్పినానండి," అన్నాడు. ఆ తరువాత ఆగకుండా అంతా చెప్పాడు. రాజుగారు చెప్పింది, చెల్లెలి వైద్యం వారం, అయిదు చెక్కింది, ఆరోది వదిలేసింది, సీలు తీసిన రోజు అవునండి అన్నది. "మీ ముక్కు ఆ రోజున సరిగ్గానే సెప్పిందండి. తప్పు నా సేతుల్లో ఉంది."

గురునాథరావుగారు పలక ముక్కలు అందుకున్నాడు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడు. మళ్ళీ మొదటిది. కళ్ళు మూసుకున్నాడు, పాత రోజుల్లో బట్టీ దగ్గరలాగే. చెయ్యి మాత్రం పైకి లేవలేదు.

"గాట్లు కంటికి కనిపిస్తున్నాయి. ముక్కుకి ఏమీ తెలియడం లేదు," అన్నాడు.

"జొరం వల్లేమోనండి."

"జ్వరం అప్పుడే తగ్గింది. ఇది నాలుగేళ్ళ పొడుం. ఎలాగూ పోయిందనుకున్న ముక్కుని కాపాడుకోవడం ఎందుకులే అని మొదలుపెట్టాను."

లోపల ఎక్కడో గిన్నె కింద పడిన చప్పుడైంది. గవర్రాజు తల ఎత్తలేదు. తిడితే బాగుండునని చూశాడు. ఆయన తిట్టలేదు.

"ఆరోది ఎలా ఉంది? ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు. నన్ను నేను నమ్మక గబగబా దింపేశాను. నువ్వు చెప్పు."

గవర్రాజు చెప్పాడు. ముందు తారు వచ్చిందని. తరువాత ఎండుచేప కాల్చిన పొయ్యి, అది చల్లారాక మిగిలే బూడిద. ఆ తరువాత నిమ్మతొక్క. గొంతు దిగాక బార్లీ తీపి, ఉప్పు తగిలినట్టుండి, మళ్ళీ పొగ వెనక్కి వచ్చిందని.

"ఎంతసేపు ఉంది నోట్లో?"

"నానొక్క సుక్క ఏసుకున్నానండి, ట్యాంకులో పొయ్యకముందు. ఇంటికెళ్ళి అన్నం తినీవరకూ ఉందండి."

ఆయన తల ఊపాడు. పలకలు రెండూ ఒడిలో పెట్టుకుని గాట్లు వేళ్ళతో తడిమాడు. సూర్యకాంతమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే గవర్రాజు తాగి లేచాడు.

ఆ తరువాత ఇంకో మూడు ఆదివారాలు వెళ్ళాడు. ప్రతిసారీ ఆయన మళ్ళీ అడిగేవాడు, ముందు ఏం వచ్చింది, తరువాత ఏం వచ్చింది అని. నాలుగో ఆదివారం సూర్యకాంతమ్మ గుమ్మంలోనే ఆపింది.

"నువ్వు వచ్చి వెళ్ళాక రెండు రోజులు అన్నం ముట్టడు నాయనా. పొడుం డబ్బా విసిరేస్తాడు, మళ్ళీ తెమ్మంటాడు. నీ మీద కోపం లేదు. ఇక రావద్దు."

గవర్రాజు వెళ్ళలేదు. ఆయన పోయిన సంగతి రెండు వేల నాలుగులో, పదకొండో రోజు దాటాక తెలిసింది. పూర్ణా మార్కెట్‌లో కలిసిన ఫ్యాక్టరీ గుమాస్తా మాటల్లో చెప్పాడు. గవర్రాజు ఆ రోజు ఇంటికి నడిచే పోదామనుకున్నాడు. భీమిలి అంత దూరం నడవలేక మధ్యలో బస్సెక్కాడు.

"ఆయన దగ్గర నువ్వు నిజం సెప్పేసినావు కదా మావా," అంది పోతమ్మ.

"సెప్పినాను. ఏడేళ్ళు పోయాక సెప్పినాను."

ఫ్యాక్టరీ చేతులు మారింది. గవర్రాజు ఇప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబరు పడవలకి చిల్లులు పూడుస్తున్నాడు. గుడ్డ మీద రెజిన్ జిగురు పూసి అతికించడమే పని. ఆ వాసనకి మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుంది. ముక్కు పోతుంది, గుడ్డ కట్టుకోమని పక్కవాళ్ళు చెబుతారు. అతను కట్టుకోడు.